బాకీ అమ్మినా బాధ్యత తీరదు
(మన సంఘ సమావేశంలో విశ్రాంత అకౌంట్సు అధికారి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



రిటైరైనప్పుడు చేతికి వచ్చిన సొమ్ములో కొంత మనలో చాలామందిమి కంపెనీల షేర్లలో, డిపాజిట్లలో పెట్టాం. వార్షిక నివేదికలో అప్పు తక్కువగా కనబడితే నిశ్చింతగా ఉంటాం. ఆ అప్పు నిజంగానే తక్కువా, లేక లెక్కలోంచి తప్పించారా అన్నదే ఈనాటి నా విషయం.

ఒక కంపెనీ 90 రోజుల అరువు మీద సరుకు అమ్మిందనుకుందాం. దానికి కోటి రూపాయలు రావాలి. అన్నాళ్లు ఆగలేక ఆ బిల్లులను ఫ్యాక్టరుకు అమ్మింది. ఫ్యాక్టరు అంటే బిల్లులు కొని, ముందుగా సొమ్మిచ్చి, గడువుకు తాను వసూలు చేసుకునే సంస్థ. మన దేశంలో ఈ వ్యాపారానికి 2011లో ప్రత్యేక చట్టం వచ్చింది.

ఫ్యాక్టరు 80 లక్షలు ముందిచ్చింది. మిగతాది వసూలయ్యాక, తన వడ్డీ, కమీషను మినహాయించుకుని ఇస్తుంది. కాగితం మీద ఇది అమ్మకమే. కాని సరుకు కొన్నవారు ఎగవేస్తే కంపెనీయే ఫ్యాక్టరుకు తిరిగి చెల్లించాలని షరతు ఉంది. దీనినే రికోర్సు అంటారు. నష్టభయం కంపెనీని వదలలేదు కనుక, ఇది బిల్లులు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పులాంటిదే. ఇండ్ ఏఎస్ 109 అనే అకౌంటింగు ప్రమాణం ప్రకారం కోటి రూపాయల బాకీ బ్యాలెన్స్ షీటులో ఆస్తిగా కొనసాగాలి, 80 లక్షలు అప్పుగా కనబడాలి.

అలాకాక ఫ్యాక్టరు 97 లక్షలు ఇచ్చి, ఎగవేసినా ఆలస్యమైనా నష్టం తనదే అన్నదనుకోండి. అప్పుడు బాకీ లెక్కలోంచి పోతుంది. తేడా 3 లక్షలు ఖర్చు.

చిక్కంతా ఈ రెండింటి నడుమ ఉంది. “మొదటి 5 లక్షల నష్టం వరకే మా పూచీ, తక్కిన 95 లక్షల భయం ఫ్యాక్టరుదే” అని కంపెనీ అంటుంది. వినడానికి నూటికి తొంభైఅయిదు వంతులు వదిలించుకున్నట్లే ఉంటుంది. కాని ఆ కంపెనీకి ఏటా మునిగే బాకీలు కోటికి 2 లక్షలు, మహా అయితే 3 లక్షలు. అంటే వచ్చే నష్టమంతా ఆ మొదటి 5 లక్షలలోనే పడుతుంది. ఫ్యాక్టరుకు మిగిలింది పేరుకు మాత్రమే భయం. అందుచేత కోటి రూపాయలూ పుస్తకాల్లోనే ఉండాలి. చూడవలసింది పూచీ మొత్తాన్ని కాదు, మామూలుగా వచ్చే నష్టం ఎవరి మీద పడుతుందన్న దాన్ని.

అమ్మకాలు పెరిగినా మార్చి 31 నాటికి రావలసిన బాకీలు హఠాత్తుగా తగ్గాయంటే అనుమానించండి. వసూళ్లు బాగుండి కూడా తగ్గవచ్చు. అందుకని నివేదిక వెనుక ఉండే నోట్సులో ఫ్యాక్టరింగు, రికోర్సు అన్న మాటలు వెతకండి. షేరుదారులైతే సర్వసభ్య సమావేశంలో ఒక్క ప్రశ్న వేయండి: “కొన్నవాడు ఎగవేస్తే ఎవరు కడతారు?” కంపెనీయే అని జవాబు వస్తే, ఆ సొమ్మును అప్పుల్లో కలిపి మళ్లీ లెక్క చూసుకోండి.