ఏ ఏడు, ఏ పేరు?

ఈ స్మారకోపన్యాసంలో నేను ఒకే ఒక్క లెక్క గురించి మాట్లాడదలచుకున్నాను. ఏ సంవత్సరానికైనా మన పంచాంగంలో ఉన్న పేరు ఏమిటో చెప్పే లెక్క అది.

క్రీస్తుశకం అంకెలోంచి ఆరు తీసేసి, మిగిలినదాన్ని అరవైతో భాగించాలి. శేషం ఎంతో, ప్రభవ నుంచి లెక్కిస్తే అన్నో పేరు మనకు కావలసింది. శేషం సున్నా అయితే అక్షయ. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకున్న కరువు 1876లో మొదలైంది. ఆరు తీస్తే 1870. ముప్ఫై ఒక్క అరవైలు 1860 పోగా పది మిగులుతుంది. ప్రభవ, విభవ, శుక్ల అంటూ వెళితే పదోది ధాత. శకవర్షం దొరికితే దానికి పన్నెండు కలిపి అరవైతో భాగించినా ఇదే శేషం వస్తుంది.

తప్పు జరిగేది ఎక్కువగా జనవరి, ఫిబ్రవరి తేదీల దగ్గర. మన ఏడు మారేది ఉగాదికి గాని జనవరి ఒకటిన కాదు. తళ్ళికోట యుద్ధం 1565 జనవరి 23న జరిగింది. 1565తో లెక్క కడితే యాభై తొమ్మిది, అంటే క్రోధన వస్తుంది. కాని ఆ ఉగాది ఇంకా రాలేదు. కాబట్టి 1564 తీసుకోవాలి. అప్పుడు యాభై ఎనిమిది, రక్తాక్షి. అదే సరైనది. ఉగాదికి ముందున్న తేదీ అయితే ఒక ఏడు వెనక్కి జరగాలన్నది మరువకూడదు.

పేరు నుంచి అంకెకు రావడం కష్టం. గుంటూరు సీమను ఊడ్చేసిన నందన కరువు 1832 నాటిది. అయితే 1892, 1952, 2012 కూడా నందనలే. పాత దస్తావేజులో పేరొక్కటే ఉంటే ఏ నందనో తేలదు. మాసం, తిథితో పాటు వారం కూడా రాసి ఉంటే దారి దొరుకుతుంది. ఆ తిథి ఆ వారం నాడే పడిందా అని ఒక్కో నందననూ పరీక్షిస్తే, పొసగనివి చాలావరకు తొలగిపోతాయి.

ఈ లెక్కకు ఒక హద్దు ఉంది. ఉత్తరాది పంచాంగాల్లో పేర్లు బృహస్పతి నడకను అనుసరిస్తాయి. గురుడు మధ్యమ గతిలో ఒక రాశి దాటడానికి సుమారు 361 రోజులు చాలు. సౌర సంవత్సరం అంతకంటే నాలుగు రోజులు పెద్దది. అందువల్ల అక్కడ దాదాపు ఎనభై అయిదేళ్ళకొకసారి ఒక పేరు లుప్తమవుతుంది. దక్షిణాదిలో ఆ లోపం పాటించడం వెయ్యేళ్ళ కిందటే ఆగిపోయింది. నేడు వారి పేరు మనకంటే పదమూడుకు పైగా ముందుంది. కాశీలో అచ్చయిన పుస్తకంలోని పేరుకు మన సూత్రం పెడితే జవాబు తప్పుతుంది.

మీ ఇళ్ళలో పాత దస్తావేజులు, జాతకాలు ఉంటే, నకలు తీసేటప్పుడు సంవత్సరం పేరుతో ఆపకండి. మాసం, పక్షం, తిథి, వారం ఒక్కటీ వదలకుండా రాయండి.