లాకరు అద్దె – ముందస్తు నోటీసు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



లాకరు అద్దె ఎక్కువా, తక్కువా అన్న వాదనలోకి నేను పోవడం లేదు. మనకు చెప్పకుండా ఖాతాలోంచి తీసుకోవచ్చునా అన్నదే ఇవాళ్టి ప్రశ్న.

బేగంపేటలో ఉంటున్న మన సభ్యులొకరి పాస్‌బుక్కు చూడండి. బ్యాంకు పేరు మనకు అవసరం లేదు. లాకరు అద్దె 2,000, దానిపై 18 శాతం జి.ఎస్.టి. 360, వెరసి 2,360 రూపాయలు ఏటా తీసుకునేవారు. ఒక ఏప్రిల్‌లో 3,540 తీసుకున్నారు. అంటే అద్దె 3,000 అయిందన్నమాట. పెన్షను ఖాతా వేరు, ఇది మామూలు పొదుపు ఖాతా. అందులో 6,000 ఉండేవి, 2,460 మిగిలాయి. ఆ ఖాతాకు కనీస నిల్వ 5,000. దాంతో తరువాత నెలలో మరో 177 రూపాయలు పోయాయి. తగ్గించిందీ వారే, జరిమానా వేసిందీ వారే!

అద్దె మినహాయించుకునే అధికారం బ్యాంకుకు ఎక్కడిదంటే, సాధారణంగా మనం సంతకం చేసిన లాకరు ఒప్పందంలోనే ఆ షరతు ఉంటుంది. 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం అందరం కొత్త ఒప్పందాలు రాశాం కదా, దాని ప్రతి ఒకటి మనకు ఇవ్వాలి. ఇంట్లో లేకపోతే అడిగి తెచ్చుకోండి.

అధికారం ఉన్నంత మాత్రాన నోటీసు అక్కరలేదని కాదు. బ్యాంకు తానుగా వేసిన డెబిట్ వల్ల కనీస నిల్వ తగ్గేటట్లయితే ఖాతాదారుకు తెలియజేయాలని రిజర్వు బ్యాంకు 2007లోనే చెప్పింది. 2014 డిసెంబరులో ఖాతాదారుల హక్కుల పత్రం వెలువరించింది. దాన్ని అనుసరించి తయారైన నమూనా విధానంలో, ఖాతాదారుకు నష్టం కలిగించే మార్పుకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఉండాలని రాశారు. మీ బ్యాంకు విధానం ప్రతి అడిగి చూడండి.

మన సభ్యుడు గొడవపడలేదు. పెంపు నోటీసు ఏ తేదీన, ఏ రూపంలో పంపారు? నిల్వ తగ్గుతుందని ఎప్పుడు చెప్పారు? ఈ రెండే కాగితం మీద రాసి, రెండో ప్రతిపై ముద్ర వేయించుకున్నారు. రెండో ప్రశ్నకు వారి దగ్గర జవాబు లేదు, 177 తిరిగి జమచేశారు. అద్దెలో పెరిగిన 1,180 మాత్రం రాలేదు. శాఖలో నోటీసు బోర్డుపై ముందే పెట్టామన్నారు, ఎస్.ఎం.ఎస్. కూడా పంపామన్నారు. తీరా చూస్తే అది ఆయన ఎప్పుడో వదిలేసిన నంబరుకు వెళ్లింది. బోర్డు మీది కాగితం మోకాళ్ల నొప్పులవారికి ఎలా కనిపిస్తుందో నాకైతే అర్థం కాదు గాని, పాత నంబరు విషయంలో బ్యాంకును అనడానికి లేదు. నంబరు మారితే శాఖలో రాసి ఇవ్వాలి.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చింది తృప్తిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. రుసుము లేదు. ముద్ర వేసిన ఆ ప్రతే అక్కడ ఆధారం.

చెక్కుబుక్కు సంగతి ఇంతకన్నా తేలిక. ఏడాదికి ఇన్ని చెక్కులు ఉచితమని ప్రతి బ్యాంకుకూ ఒక లెక్క ఉంటుంది, కొన్నిచోట్ల వృద్ధులకు మినహాయింపూ ఉంటుంది. కొత్త పుస్తకానికి చీటీ రాసేటప్పుడే కౌంటరులో అడగండి.