పాత బడ్జెట్‌కి పది శాతం కలపాలా, సున్నా నుంచి మొదలెట్టాలా?

పోయినేడు ఎంత ఖర్చయిందో చూసి, దానికి ఎనిమిదో పదో శాతం కలిపేస్తే అది ఇంక్రిమెంటల్ బడ్జెటింగ్. పాత అంకె పక్కన పెట్టేసి, ప్రతి ఖర్చూ "నేనెందుకు ఉండాలి" అని మళ్లీ నిరూపించుకోవాల్సి వస్తే అది జీరో బేస్డ్. ఈ రెండో పద్ధతిని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీలో పీటర్ పైర్ రూపొందించాడు. 1970లో దాని గురించి రాసిన వ్యాసం చదివి, జార్జియా గవర్నర్ జిమ్మీ కార్టర్ తన రాష్ట్రంలో పెట్టించాడు.

ఒక స్కూలు ఊహించుకుందాం. బస్సుల ఖర్చు 12 లక్షలు, నాలుగు బస్సులు, ఒక్కోదానికి 3 లక్షలు. ఎనిమిది శాతం కలిపితే 12 లక్షల 96 వేలు, పని ఐపోయింది. నాలుగో బస్సులో ఎంతమంది ఎక్కుతున్నారో ఎవరూ అడగరు.

సున్నా నుంచి లెక్కేస్తే అడగాలి. ఎక్కేది 14 మంది. అందులో 9 మంది ఇళ్లు రెండో బస్సు దారికి దగ్గరే, ఆ బస్సులో సీట్లూ ఖాళీ. మిగతా ఐదుగురిది ఆర్టీసీ బస్సు కూడా వెళ్లని ఊరు. ఇప్పుడు ఆ బస్సుకి ఒక కాగితం రాస్తారు, దాన్నే డెసిషన్ ప్యాకేజీ అంటారు. బస్సు తీసేస్తే ఏమవుతుంది? ఆ ఐదుగురు చదువు మానేయొచ్చు. వేరే దారి ఉందా? వాళ్లకి ఆటో పెడితే నెలకి 6 వేలు, పది నెలలకి 60 వేలు. రెండో బస్సు కాస్త చుట్టూ తిరిగితే డీజిల్‌కి ఇంకో 30 వేలు. మొత్తం 90 వేలు. అంటే 2 లక్షల 10 వేలు మిగులు, పిల్లలెవరూ ఆగిపోరు. డ్రైవర్ సంగతేంటన్నదీ అదే కాగితంలో రాయాలి, చాలామంది మర్చిపోయేది ఇదే.

మరి టీచర్ల జీతాలకి ఇలా చేస్తారా? అనవసరం. పిల్లలు, సెక్షన్లు మారకపోతే ఆ లెక్కా మారదు, ఇంక్రిమెంట్ కలిపితే చాలు.

ఆసుపత్రిలో ఇంకా జాగ్రత్త. ఎమర్జెన్సీకి ఎంతమంది వస్తారో ఎవరి చేతిలోనూ లేదు. అక్కడి నర్సులనీ ఆక్సిజన్‌నీ ఏటా నిరూపించుకోమంటే, కాగితం బాగా రాసినోళ్లకి డబ్బులొస్తాయి, ఐసీయూకి తగ్గుతాయి. అక్కడ పాత అంకె తీసుకుని, రోగుల సంఖ్యతో సరిచూడటమే మేలు. కానీ మెషిన్ల మెయింటెనెన్స్ కాంట్రాక్టులు, బయటి ల్యాబ్ బిల్లులు, లాండ్రీ సున్నా నుంచి చూడాల్సిందే. డిజిటల్ ఎక్స్‌రే వచ్చాక కూడా పాత ఫిల్మ్ మెషిన్ కాంట్రాక్టుకి ఏటా డబ్బు పెరుగుతూనే ఉందంటే, ఎవరూ చూడలేదని అర్థం.

ఎలా కనిపెట్టాలి? మూడేళ్ల లెక్కలు పక్కపక్కన పెట్టండి. ఒక పద్దు ఏటా సరిగ్గా అదే శాతం పెరుగుతూ, మార్చిలో బిల్లులు గుంపుగా వస్తుంటే, "ఖర్చు పెట్టకపోతే వచ్చే ఏడాది కోస్తారు" అన్న భయం అక్కడ పనిచేస్తోంది. అన్ని పద్దులూ ఒకే ఏడాది తిరగేస్తే కాగితాల కిందే మునిగిపోతారు. ఈ ఏడు బస్సులు, వచ్చే ఏడు ల్యాబ్, ఆ తర్వాత హాస్టల్ మెస్.