మోటారు ఎందుకు కాలింది: గేట్ల బొమ్మను పట్టికతో సరిచూడటం

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. ఈ సాయంత్రం కాలిపోయిన ఒక నీళ్ల మోటారు గురించి మాట్లాడతాను. అది మా అపార్ట్‌మెంటుదే. దాన్ని నడిపే చిన్న సర్క్యూటు బొమ్మ గీసింది మా దగ్గర చదువుకున్న కుర్రాడు. గీసిన బొమ్మను నాకు చూపిస్తే నేనూ తలూపాను. తప్పు మా ఇద్దరి కళ్లముందే ఉంది.

మాకు కావాల్సింది ఇది. కింద సంపులో నీళ్లుండాలి, పైన ట్యాంకు నిండకుండా ఉండాలి, అప్పుడు మోటారు తనంతట తానే తిరగాలి. ట్యాంకు నిండితే ఆగాలి. అయితే మొక్కలకు నీళ్లు పట్టేటప్పుడు ట్యాంకు నిండి ఉన్నా మోటారు అవసరం. అందుకని వాచ్‌మన్ దగ్గర ఒక చేతి స్విచ్చు పెట్టాం. ఏం జరిగినా సరే, సంపులో నీళ్లు లేకపోతే మాత్రం మోటారు తిరగకూడదు. పంపు లోపలి సీలును చల్లగా ఉంచేది ఆ నీళ్లే. అవి లేకుండా తిరిగితే సీలు రాపిడికి వేడెక్కి పాడవుతుంది.

మూడు సంగతులు, ఒక్కోదానికీ ఉందా లేదా అన్న రెండే జవాబులు. సంపులో నీళ్లుంటే 1, లేకపోతే 0. ట్యాంకు నిండితే 1, నిండకపోతే 0. స్విచ్చు నొక్కితే 1, లేకపోతే 0. రెండును మూడుసార్లు హెచ్చిస్తే 8. అంటే ఈ లోకంలో మా మోటారుకు ఎదురయ్యే పరిస్థితులు ఎనిమిదే. వాటన్నిటినీ వరుసగా రాసి, ఒక్కోదానికి ఎదురుగా మోటారు తిరగాలా వద్దా అని రాస్తే అదే ట్రూత్ టేబుల్.

ఇక కుర్రాడి బొమ్మలో మూడు గేట్లున్నాయి. నాట్ గేటు వచ్చినదాన్ని తిరగేస్తుంది, 1 వస్తే 0 ఇస్తుంది. అండ్ గేటు రెండు వైపులా 1 ఉంటేనే 1 ఇస్తుంది. ఆర్ గేటుకు ఏదో ఒక వైపు 1 ఉంటే చాలు. ట్యాంకు తీగ నాట్ గేటులోంచి వస్తుంది. అదీ సంపు తీగా కలిసి అండ్ గేటులోకి వెళతాయి. ఆ జవాబూ చేతి స్విచ్చూ కలిసి ఆర్ గేటులోకి వెళతాయి. ఆర్ గేటు నుంచి మోటారుకు. చదివితే సబబుగానే ఉంటుంది: “నీళ్లుండి ట్యాంకు నిండకపోతే తిరుగు, లేదా స్విచ్చు నొక్కితే తిరుగు.”

బిగించిన రోజు ట్యాంకు ఫ్లోటును పైకెత్తి చూశాం, దించి చూశాం, స్విచ్చు నొక్కి చూశాం. ప్రతిసారీ సరిగ్గా పనిచేసింది. ఏప్రిల్‌లో సంపు ఎండింది. వాచ్‌మన్ స్విచ్చు వేసి వెళ్లాడు. మోటారు గంటకు పైగా ఖాళీగా తిరిగింది.

ఆ రాత్రి చేసిన పని మొదటిరోజే చేయాల్సింది. బోర్డు మీద చూడండి.

```
సంపు  ట్యాంకు  స్విచ్చు | కావాల్సింది | బొమ్మ ఇచ్చేది
 0      0       0    |     0      |     0
 0      0       1    |     0      |     1
 0      1       0    |     0      |     0
 0      1       1    |     0      |     1
 1      0       0    |     1      |     1
 1      0       1    |     1      |     1
 1      1       0    |     0      |     0
 1      1       1    |     1      |     1
```

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. “కావాల్సింది” అన్న నిలువు వరసను బొమ్మ చూస్తూ నింపకూడదు. బొమ్మను మూసిపెట్టి, మోటారు వాడేవాళ్లను అడుగుతూ నింపాలి. బొమ్మ చూస్తూ రాసిన పట్టిక ఎప్పుడూ బొమ్మతో కలుస్తుంది, తప్పు బొమ్మతో కూడా.

ఎనిమిదిలో ఆరు వరసలు కలిశాయి, రెండు తేడా కొట్టాయి. ఇప్పుడు వెంటనే తీగల వెంట పడకండి. ఆ రెండు వరసలకూ ఉమ్మడిగా ఉన్నదేమిటో చూడండి. రెండింట్లోనూ సంపు 0, స్విచ్చు 1. ట్యాంకు ఒకచోట 0, ఒకచోట 1. అంటే ఈ తప్పుకు ట్యాంకుతో సంబంధం లేదు, కాబట్టి నాట్ గేటు మీద అనుమానం అక్కర్లేదు. కింది నాలుగు వరసలూ చూడండి, సంపులో నీళ్లున్న నాలుగూ కలిశాయి. బిగించిన రోజు మేం పరీక్షించింది ఆ నాలుగే! నిండు సంపుతో ఎన్నిసార్లు చూసినా ఈ తప్పు దొరకదు.

ఇప్పుడు తేడా వచ్చిన వరసల్లో ఒకటి తీసుకుందాం. సంపు 0, ట్యాంకు 0, స్విచ్చు 1. ఈ అంకెలను పెన్సిలుతో బొమ్మలోని తీగల మీదే రాయాలి. నాట్ గేటులోకి 0 వెళ్లి 1 వచ్చింది, సరే. అండ్ గేటులోకి సంపు 0, నాట్ నుంచి 1 వెళ్లి 0 వచ్చింది, అదీ సరే. ఇక్కడిదాకా బొమ్మ “తిరగొద్దు” అనే చెబుతోంది. ఆర్ గేటులోకి ఆ 0, స్విచ్చు 1 వెళ్లి 1 వచ్చింది. ఆర్ గేటూ తన ధర్మం తప్పలేదు. ప్రతి గేటూ సరిగ్గా చేసి, చివరి జవాబు తప్పొస్తే, లోపం గేట్లలో లేదు, కలిపిన తీరులో ఉంది. స్విచ్చు తీగ సంపును దాటుకుని నేరుగా చివరి గేటులోకి వెళ్లిపోయింది. సంపును అడగకుండానే మోటారు తిప్పే అధికారం దానికి దక్కింది.

మందు కొత్త గేటు కాదు, ఉన్నవాటి వరస మార్చడమే. నాట్ నుంచి వచ్చినదాన్నీ స్విచ్చునూ ముందు ఆర్ గేటులో కలపాలి. దాని జవాబునూ సంపునూ చివర అండ్ గేటులో కలపాలి. అవే మూడు గేట్లు. ఇప్పుడు సంపు 0 అయితే మిగతావేమైనా మోటారు తిరగదు. మార్చాక చెడిన రెండు వరసలే కాదు, ఎనిమిదీ మళ్లీ వేశాం. ఒకచోట సరిచేయబోయి మరోచోట చెడగొట్టడం నేను తరగతిలో ఏటా చూస్తాను.

తప్పును బట్టి తేడా వరసల తీరు మారుతుంది. ఈ సరిచేసిన బొమ్మలోనే నాట్ గేటు మరిచిపోయామనుకోండి. అప్పుడు చెడేవి సంపు 1, స్విచ్చు 0 ఉన్న రెండు వరసలు. ఒకచోట తిరగాల్సింది తిరగదు, మరోచోట ఆగాల్సింది ఆగదు. ట్యాంకు 0 అయినా 1 అయినా జవాబు కావాల్సినదానికి తలకిందులుగా వస్తే తిరగేసే గేటు మీదే మొదటి చూపు పడాలి.

బొమ్మ కలిసినా బోర్డు కలవకపోతే అది వేరే వెతుకులాట. 7400 చిప్పులో మొదటి గేటు జవాబు మూడో కాలి మీద వస్తుంది, 7402 చిప్పులో మొదటి కాలి మీద వస్తుంది. ఒకదాని అలవాటుతో రెండోదాన్ని బిగించేవాళ్లున్నారు. అందుకే కాగితం మీద ప్రతి తీగకూ రాసుకున్న అంకెను మీటరుతో కొలిచిన దానితో పోల్చాలి. మొదట తేడా వచ్చిన గేటు దగ్గర ఆగాలి.

ఎనిమిది వరసలు కాబట్టి మాకు ఒక రాత్రి సరిపోయింది. ముప్ఫయ్‌రెండు బిట్ల సంఖ్యలు రెండింటిని కూడే సర్క్యూటులోకి వెళ్లే తీగలు 64. సెకనుకు వంద కోట్ల వరసలు చూసినా అన్నీ పూర్తవడానికి 580 ఏళ్లకు పైనే పడుతుంది. అలాంటివాటిని ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్కకూ చిన్న పట్టిక వేసి చూస్తారు.

చివరిగా, మా పట్టికలోనే లేని సంగతి ఒకటుంది. సంపు ఫ్లోటు నుంచి వచ్చే తీగ తెగితే ఏమవుతుంది? మా బోర్డులో ఉన్న పాతరకం టీటీఎల్ గేట్లు, ఏమీ తగలని కాలిని 1గా లెక్కగడతాయి. అంటే తీగ తెగితే సంపులో నీళ్లున్నట్టే. పట్టిక ఎనిమిది వరసలూ కలిసినా మోటారు మళ్లీ ఖాళీగా తిరిగేది. ఆ కాలి నుంచి భూమి తీగకు తక్కువ విలువ రెసిస్టరు ఒకటి వేశాం. ఇప్పుడు తీగ తెగితే 0, మోటారు ఆగుతుంది. ట్యాంకు తీగకు అలా వేయలేదు. అది తెగితే ట్యాంకు నిండినట్టు 1 వస్తుంది, స్విచ్చు నొక్కితే తప్ప మోటారు తిరగదు, అదే మాకు కావాలి. ఆ తర్వాత మోటారు కనెక్షను తీసేసి, దాని స్థానంలో చిన్న బల్బు పెట్టి, సంపులో నీళ్లుండగానే ఒక్కో తీగనూ ఊడదీసి చూశాం. సంపు తీగ ఊడగానే, వాచ్‌మన్ స్విచ్చు వేసే ఉన్నా, బల్బు ఆరిపోయింది.