పేరు తీసేశాక మిగిలే ఆనవాళ్లు



జిల్లా డెస్క్‌లో జీవితమంతా గడిపిన సంపాదకుని పేరిట జరిగే ఉపన్యాసం ఇది. అందుకే డెస్క్ పని గురించే మాట్లాడతాను. అత్యాచారం వార్తలో బాధితురాలి పేరు రాయకూడదని మనందరికీ తెలుసు. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద, రాస్తే రెండేళ్ల దాకా జైలుశిక్ష ఉంది. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ ఇంకా విడమరిచి చెప్పింది. చిరునామా, ఫొటో, కుటుంబం, బడి, ఇరుగుపొరుగు, వీటిలో ఏదీ ఆ బిడ్డను పట్టించకూడదు. మనం పేరు తీసేస్తూనే ఉన్నాం. అయినా మర్నాడు పొద్దున్నే ఊరంతా ఆ ఇంటివైపే చూస్తోంది.

ఉదాహరణకు నేనే ఒక వార్త కల్పిస్తాను. ఫలానా గ్రామంలో తొమ్మిదో తరగతి చదువుతున్న బాలికపై (14) వరుసకు బాబాయి అయిన ఆటో డ్రైవర్ (38) అత్యాచారానికి పాల్పడ్డాడు. ఆశా కార్యకర్తగా పనిచేస్తున్న తల్లి ఫిర్యాదుతో పోలీసులు కేసు నమోదు చేశారు. ఇందులో ఒక్క పేరూ లేదు. కానీ చిన్న ఊళ్లో ఉండే ఆశా కార్యకర్త ఒక్కరే కావచ్చు. తొమ్మిదో తరగతి చదివే ఆమె కూతురు ఎవరో చెప్పడానికి పత్రిక అక్కర్లేదు.

కాబట్టి డెస్క్ వేసుకోవలసిన ప్రశ్న, ఈ వివరాలన్నీ కలిపి చదివితే ఆ ఊరివాళ్లకు ఎవరు తెలుస్తారు అన్నది. హైదరాబాద్‌లో కూర్చున్న పాఠకుడికి తెలియకపోవడం ఇక్కడ లెక్కలోకి రాదు. ఊరు తీసేసి రెవెన్యూ డివిజన్ పేరు పెట్టవచ్చు. తరగతి, తల్లి ఉద్యోగం తీసేయవచ్చు. ‘మైనర్ బాలిక’ అంటే చాలు. ఊరు లేకపోతే వార్త ఎవరు నమ్ముతారని విలేకరి అడుగుతాడు. కేసు ఎప్పుడు నమోదైంది, ఏ సెక్షన్ల కింద, అరెస్టుకు ఎన్నాళ్లు పట్టింది, వైద్య పరీక్ష సకాలంలో జరిగిందా అన్నవి రాస్తే వార్తకు బలం అక్కడే వస్తుంది.

అన్నిటికంటే చిక్కు నిందితుడి పేరు. అతను పరాయివాడైతే పేరు రాయడం వల్ల బాధితురాలికి వచ్చే ముప్పు తక్కువే. బాబాయి అని చెప్పి పేరు కూడా రాస్తే బిడ్డ పేరు రాసినట్టే. పేరో, బంధుత్వమో, ఒక్కటే అచ్చు కావాలి. అయితే ఒక పత్రిక పేరు రాసి బంధుత్వం వదిలేసి, ఇంకో పత్రిక బంధుత్వం రాసి పేరు వదిలేస్తే? రెండూ జాగ్రత్తగానే రాశాయి, రెండూ కలిసి బిడ్డను బయటపెట్టాయి. బ్రిటన్ సంపాదకులు తమ నియమావళిలో దీనికి ఉమ్మడిగా ఒక దారి పెట్టుకున్నారు. పెద్దవాడైన నిందితుడి పేరు రాయవచ్చు, బిడ్డతో అతని బంధుత్వాన్ని సూచించే మాట ఎక్కడా రాకూడదు. మన జిల్లా కేంద్రాల్లోనూ ఇలాంటి ఒప్పందం ఒకటి ఉండితీరాలి. అది లేనంతకాలం ఒక్క పత్రిక జాగ్రత్త సగం జాగ్రత్తే.

ఇక బాధితురాలి మీద పడే నింద. ‘మాయమాటలు చెప్పి లోబరుచుకున్నాడు’ అని రాస్తున్నాం. పద్నాలుగేళ్ల పిల్ల లొంగిపోయిందన్న అర్థం అందులో దూరి కూర్చుంటుంది. పద్దెనిమిదేళ్లు నిండని బిడ్డ సమ్మతికి చట్టంలో విలువే లేదు; ‘అత్యాచారం చేశాడని కేసు నమోదైంది’ అంటే సరిపోతుంది. ‘ప్రేమను నిరాకరించిందని యువతిపై కత్తితో దాడి’ అన్న శీర్షిక, నిందితుడు చెప్పుకున్న సాకును కారణంగా మార్చి అచ్చు వేస్తుంది. ‘యువతిపై కత్తితో దాడి, వెంటపడి వేధించిన వ్యక్తి అరెస్టు’ అంటే చేసినవాడు కనబడతాడు. రాత్రి పదింటికి ఒంటరిగా వస్తోందన్న వివరం కూడా అంతే. వీధి దీపాలు లేవనో, చివరి బస్సు ఎత్తేశారనో వార్త ముందుకు సాగితే ఆ సమయానికి పనుంది. లేకపోతే అది ఆమెను బోనులో నిలబెట్టడమే.

ఒక్కోసారి పేరు ముందే అచ్చయి ఉంటుంది. అమ్మాయి కనబడటం లేదంటే పేరు, ఫొటో వేయడం న్యాయమే. తర్వాత అత్యాచారం జరిగిందని తేలితే ఆ క్షణం నుంచి నియమం మారిపోతుంది. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర హత్యకు గురైన పశువైద్యురాలి పేరు, ఫొటో దేశమంతా తిరిగాక, ‘దిశ’ అని పిలవమని పోలీసులు కోరారు. మనిషి చనిపోయినా ఈ రక్షణ పోదని, ఇంటివాళ్లు ఒప్పుకున్నంత మాత్రాన పేరు బయటపెట్టకూడదని, అవసరమైతే సెషన్స్ జడ్జి నిర్ణయించాలని సుప్రీంకోర్టు అప్పటికే, 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో చెప్పింది. బతికున్న వయోజనురాలు తానే రాతపూర్వకంగా అనుమతిస్తే మాత్రం అది ఆమె హక్కు. ఆ కాగితం ఆఫీసులో భద్రంగా ఉండాలి.

నియమం మారిన రోజున డెస్క్ చేయవలసిన పని వెబ్‌సైట్‌లో పాత వార్తను వెతకడం. అందులో పేరు తీస్తే చాలదు. ఫొటో కింది వ్యాఖ్యలో, ఫొటో ఫైలు పేరులో, వార్త లింకులో, యూట్యూబ్ వీడియో శీర్షికలో, ఈ-పేపర్ పాత పేజీలో కూడా ఆ పేరు ఉంటుంది. ఒక్కొక్కటీ తెరిచి చూసి తీసేయాలి, సెర్చ్‌లో ఆ పేరు కొట్టి మన పేజీ రావడం లేదని నిర్ధారించుకోవాలి. అది అయ్యాకే కొత్త వార్త పైకి వెళ్లాలి.