ఫారం నింపే ముందు ఈ ఐదు మాటలు తెలుసుకోండి
(రైతు వేదికలో జరిగిన అవగాహన సదస్సులో జిల్లా పౌర సంబంధాల అధికారి ప్రసంగ పాఠం)

మొదటిసారి ఫారం పట్టుకున్నవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది నామినీ, గార్డియన్, డొమిసైల్, డిక్లరేషన్, అటెస్ట్ అనే మాటల దగ్గర. వీటిని ఒక కుటుంబం లెక్కలో చూద్దాం.

ఒక రైతుకు 38 ఏళ్లు. పట్టాదారు పాసుపుస్తకం ఉంది. భార్య చనిపోయింది. 14 ఏళ్ల కూతురు, ఒక తమ్ముడు ఉన్నారు. ఈయన రైతు బీమా నామినేషన్ ఫారం నింపుతున్నాడు. 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు రైతు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షల రూపాయలు అందే పథకం ఇది. ఎల్ఐసీకి ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది.

నామినీ అంటే మన తర్వాత ఆ డబ్బు ఎవరి చేతికి ఇవ్వాలో మనం చెప్పే పేరు. ఈ రైతు కూతురి పేరు రాశాడు. ఆధార్‌లో ఎట్లా ఉందో అట్లాగే, ఇంటిపేరుతో సహా రాయాలి. ఇంట్లో పిలిచే పేరు రాస్తే క్లెయిమ్ రోజున ఆ అమ్మాయే ఈ అమ్మాయి అని రుజువు చేసుకోవాల్సి వస్తుంది. ఇంకో మాట. బీమాకు నామినీగా రాసినంత మాత్రాన భూమి రాసిచ్చినట్టు కాదు. భూమి వారసత్వం ప్రకారమే పోతుంది. నామినీగా పెట్టిన మనిషి చనిపోతే పేరు మార్పించుకోవాలి. పాత ఫారంలో భార్య పేరు అట్లాగే ఉండిపోయిందేమో మీ వ్యవసాయ విస్తరణ అధికారిని అడిగి చూసుకోండి.

ఇప్పుడు గార్డియన్. అమ్మాయికి 18 నిండలేదు కాబట్టి ఆమె తరఫున డబ్బు తీసుకునే పెద్దమనిషి పేరు కావాలి. బీమా ఫారాల్లో ఈ మనిషిని అపాయింటీ అని కూడా అంటారు. చాలామంది తండ్రులు ఇక్కడ తమ పేరే రాస్తారు. బిడ్డకు గార్డియన్ నేనే కదా అనుకుంటారు. కాలేజీ ఫారంలో అది సరైనదే. కానీ బీమా డబ్బు వచ్చేదే తండ్రి లేనప్పుడు! అప్పుడు ఆయన వచ్చి సంతకం పెట్టలేడు కదా. అందుకే ఈ రైతు అక్కడ తమ్ముడి పేరు రాశాడు. తమ్ముడు తీసుకున్నా ఆ డబ్బు అమ్మాయిదే. అమ్మాయికి 18 నిండాక గార్డియన్‌తో పని ఉండదు.

డొమిసైల్ అంటే స్థిర నివాసం. కూతురు రేపు పట్నంలో హాస్టల్లో ఉండి చదువుకున్నా ఆమె స్థిర నివాసం సొంత ఊరే. కాలేజీ ఫారంలో శాశ్వత చిరునామా దగ్గర ఊరి చిరునామా రాయాలి, హాస్టల్ అడ్రస్ కాదు. రుజువుగా నివాస ధృవపత్రం అడిగితే మీసేవలో దరఖాస్తు పెట్టాలి, తహసీల్దార్ ఇస్తారు. సీట్లకు, ఉద్యోగాలకు అడిగే స్థానికత వేరే. అది ముఖ్యంగా ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి ఉంటుంది కాబట్టి బడి బోనఫైడ్ సర్టిఫికెట్లు దాచిపెట్టుకోండి.

ఫారం చివర చిన్న అక్షరాల్లో ఉండేది డిక్లరేషన్. "పైన రాసినవన్నీ నిజం, తప్పని తేలితే బాధ్యత నాదే" అని మీరు ఇచ్చే మాట అది. ఫారం ఎవరు నింపినా సంతకం మీదైతే బాధ్యత మీదే. అందుకే ఖాళీ ఫారం మీద సంతకం గాని, వేలిముద్ర గాని వేయొద్దు. చదవడం రాకపోతే నింపిన తర్వాత పైనుంచి కిందిదాకా చదివించుకోండి. నామినీ పేరు, వయసు, గార్డియన్ పేరు, ఈ మూడూ విన్నాకే సంతకం పెట్టండి.

ఇక అటెస్ట్. ఈ జిరాక్స్ అసలు కాగితానికి నకలే అని సంతకంతో చెప్పడం. సెల్ఫ్ అటెస్ట్ అని ఉంటే మీ సంతకం మీరే చేయాలి, ఆఫీసర్ కోసం తిరగక్కర లేదు. గెజిటెడ్ అటెస్టేషన్ అని ఉంటేనే గెజిటెడ్ అధికారి సంతకం, ముద్ర కావాలి. అప్పుడు అసలు కాగితం కూడా వెంట తీసుకెళ్లండి, రెండూ పోల్చి చూసే వాళ్లు సంతకం చేస్తారు. ఈ రైతు తన ఆధార్ జిరాక్స్ మీద సంతకం చేసి, తేదీ వేసి, "రైతు బీమా కోసం" అని రాశాడు. అట్లా రాస్తే అదే జిరాక్స్‌ను ఇంకో పనికి వాడటం కష్టం.

ఇంటికి పోయాక మీ ఫారం నకలు తీసి నామినీ, గార్డియన్ గడులు రెండూ చూడండి. గార్డియన్ దగ్గర మీ పేరే ఉంటే ఈ వారమే విస్తరణ అధికారిని కలిసి మార్పించుకోండి. నకలు లేకపోతే ఏ పేర్లు నమోదయ్యాయో ఆయన్నే అడగండి. సెలవు.