తిండీ పడకా ఇస్తే ఎంత జీతం ఇచ్చినట్టు?
(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



మన ద్వారకా నగర్‌లో ఏ వీధిలోకి వెళ్లినా ఒక కోచింగ్ సెంటరు, దాని పక్కన ఒక లేడీస్ హాస్టలు, ఎదురుగా ఒక టిఫిన్ హోటలు ఉంటాయి. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర కాబట్టి లాడ్జిలు కూడా ఎక్కువే. వీటిలో వంట చేసేవాళ్లు, గిన్నెలు తోమేవాళ్లు, గదులు తుడిచేవాళ్లు చాలామంది మన సభ్యులే. వాళ్లలో సగం మంది జీతం గురించి అడిగితే "ఇంత డబ్బు, తిండీ పడకా అక్కడే" అని చెప్తారు. ఆ "తిండీ పడకా" ఎంత అని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేరు. ఈ రోజు నేను మాట్లాడేది ఆ ఒక్క విషయమే.

మా సంఘంలో ఒక అక్క ఉంది. పేరు చెప్పను. ఒక లేడీస్ హాస్టల్లో వంట చేస్తుంది. హాస్టల్లో నలభై మంది ఆడపిల్లలు ఉంటారు. చేతికి నెలకు 9,000 ఇస్తారు. జీతం పెంచమని అడిగితే యజమాని కాగితం మీద లెక్క వేసి చూపించాడంట. తిండికి 4,500, పడకకు 2,500, చేతికి 9,000, మొత్తం 16,000. "పదహారు వేలు ఇస్తున్నాం, ఈ వీధిలో ఎవరిస్తున్నారు" అన్నాడంట. ఆ అక్క మీటింగుకి వచ్చి, "అక్కా, పదహారు వేలంట, నా చేతికి తొమ్మిదే వత్తన్నాయి. మిగతా ఏడువేలు ఎక్కడున్నాయో నాకు తెలీట్లేదు" అంది. మేమందరం కూర్చుని ఆ ఏడు వేలు వెతికాం.

ముందు తిండి సంగతి. 4,500 ఎక్కడిది అంటే, హాస్టల్ పిల్లల దగ్గర మెస్ కింద తీసుకునే డబ్బు అది. ఆ డబ్బులో బియ్యం, పప్పు మాత్రమే లేవు. వంటగది అద్దె, కరెంటు, యజమాని లాభం, వంట మనిషి జీతం కూడా ఉన్నాయి. అంటే ఆ అక్క తన చేతులతో వండిన కూలిని తన అన్నం ధరలో కలిపి, దాన్ని మళ్లీ తనకే జీతంగా చూపిస్తున్నారు. ఇది కుదరదు. మనిషికి పెట్టిన తిండి విలువ అంటే దానిలో పడిన సరుకుల విలువ. ఇది మా మాట ఒక్కటే కాదు. 1948 నాటి కనీస వేతనాల చట్టం కింద కేంద్రం చేసిన నిబంధనల్లో, డబ్బుకు బదులు ఇచ్చే వాటికి విలువ కట్టేటప్పుడు దగ్గరి మార్కెట్ చిల్లర ధరలు చూడాలని ఉండేది. హోటల్ మెనూ రేటు చూడమని అందులో లేదు.

మేము అలాగే చేశాం. రైతుబజారులో బోర్డు మీద రాసిన కూరగాయల రేట్లు, కిరాణా కొట్టు రేట్లు తీసుకుని ఒక మనిషి ఒక రోజు తినే తిండికి లెక్క వేశాం. బియ్యం 400 గ్రాములు, కిలో 50 చొప్పున 20 రూపాయలు. పప్పు 60 గ్రాములకు 8. కూరగాయలు పావుకిలోకి 10. నూనెకు నాలుగున్నర. పొద్దున్న టిఫినుకి రవ్వ, మినపప్పు కలిపి 10. పాలు, పెరుగు 12. గుడ్డు రోజు విడిచి రోజు పెడతారు కాబట్టి రోజుకి మూడున్నర. ఉప్పు, చింతపండు, కారం, పోపు సామాను 4. మొత్తం 72 అయింది. గ్యాసుకి 6 వేసుకుంటే 78. మీ ఇంటి దగ్గర రేటు కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు, లెక్క పద్ధతి మాత్రం ఇదే.

ఇంక రోజులు లెక్క పెట్టాలి. అక్క వారానికి ఒక రోజు సెలవు తీసుకుంటుంది. ఆ రోజు ఇంట్లోనే తింటుంది. అంటే నెలకు 26 రోజులు. 78 చొప్పున 2,028 రూపాయలు. యజమాని రాసిన 4,500లో సగం కూడా లేదు.

ఇక్కడ ఇంకో సంగతి చూడాలి. పరీక్షలు అయిపోయి ఒక బ్యాచ్ వెళ్లిపోయాక హాస్టళ్లు ఖాళీ అవుతాయి. మెస్ కట్టేస్తారు. ఆ రోజుల్లో గదులు కడిగించడానికి, సామాను సర్దించడానికి మనల్ని రమ్మంటారు, తిండి మాత్రం ఉండదు. కొన్ని చోట్ల ఆదివారం రాత్రి వంట ఉండదు. తిండిని జీతం అన్నప్పుడు, తిండి పెట్టని రోజున ఆ డబ్బు చేతికి రావాలి. రాకపోతే ఆ నెల జీతం తగ్గించినట్టే. అలాగే పిల్లలందరూ తిన్నాక అడుగున మిగిలింది పెట్టి పూర్తి భోజనం లెక్క రాస్తే అదీ తప్పే.

రెండోది పడక. ఆ అక్కకి ఇచ్చింది గది కాదు. స్టోర్ రూములో బియ్యం బస్తాల పక్కన ఒక మంచం. దానికి 2,500 వేశారు. చట్టం ఈ విషయంలో సూటిగా ఉంది. యజమాని ఇచ్చే వసతి విలువ, దీపం, నీళ్ల విలువ జీతం కిందకి రావు. 1948 చట్టంలో అలాగే ఉండేది, ఇప్పుడు వచ్చిన వేతనాల కోడ్‌లో కూడా అలాగే ఉంది. కాబట్టి ఆ 2,500ని జీతం వరసలో రాయడానికి లేదు.

అయితే పడకకి మనకి విలువ లేదా అంటే, అది మనిషిని బట్టి ఉంటుంది. శ్రీకాకుళం వైపు నుంచి ఒంటరిగా వచ్చిన ఆడమనిషికి ఈ ఊర్లో గది దొరకడం కష్టం. అద్దె, అడ్వాన్సు రెండూ కావాలి. ఆమెకి ఆ మంచం వల్ల నిజంగా డబ్బు మిగులుతుంది. మా అక్కకి మాత్రం ఇక్కడే ఇల్లు ఉంది. భర్త, ఇద్దరు పిల్లలు ఆ ఇంట్లోనే ఉంటారు. ఆమె హాస్టల్లో పడుకున్నా ఇంటి అద్దె ఒక్క రూపాయి తగ్గదు. ఆ మంచం ఆమెకి మిగిల్చింది సున్నా. పైగా పొద్దున్న నాలుగున్నరకి పొయ్యి వెలిగించడానికి, రాత్రి పదింటికి పిల్లలు వస్తే గేటు తీయడానికి మనిషి అక్కడే ఉండాలి. ఆ అవసరం యజమానిది.

అక్కడే అసలు నష్టం ఉంది. పనిచేసే చోటే పడుకుంటే పని గంటలకి హద్దు ఉండదు. మేము ఆ అక్క గంటలు రాశాం. పొద్దున్న 4:30 నుంచి 10 వరకు, మధ్యాహ్నం 12 నుంచి 2 వరకు, సాయంత్రం 5 నుంచి రాత్రి 10 వరకు. రోజుకి పన్నెండున్నర గంటలు. 26 రోజులకి 325 గంటలు. మా సంఘంలోనే ఇంకో చెల్లి టిఫిన్ హోటల్లో 8 గంటలు పనిచేసి ఇంటికి వచ్చేస్తుంది. జీతం 11,000. ఆమెవి నెలకి 208 గంటలు. బస్సుకి రోజుకి 40 పోతుంది.

ఇద్దరిదీ గంటకి ఎంతో చూశాం. చెల్లికి బస్సు ఖర్చు తీసేస్తే గంటకి 48 రూపాయలు పడింది. అక్కకి చేతికొచ్చే 9,000కి, మేము కట్టిన తిండి విలువ 2,028 కలిపితే గంటకి 34. యజమాని చెప్పిన 16,000 మొత్తం ఒప్పుకున్నా గంటకి 49. అంటే ఆయన లెక్క ప్రకారమే చూసినా ఆమెకి దక్కేది 8 గంటలు చేసి ఇంటికి వెళ్లే మనిషితో సమానం. వారానికి 48 గంటలు దాటి చేయించిన పనికి రెట్టింపు ఇవ్వాలన్నది ఆ కాగితంలో ఎక్కడా లేదు.

ఇప్పుడు చట్టం మాట ఇంకొకటి చెప్తాను, ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. పాత చట్టం ప్రకారం కనీస వేతనం డబ్బుగానే ఇవ్వాల్సి ఉండేది. వస్తువు రూపంలో ఇచ్చే ఆనవాయితీ ఉన్న చోట, ప్రభుత్వం నోటిఫికేషన్ ఇస్తేనే అలా ఇవ్వడానికి వీలుండేది. 2019లో చేసిన వేతనాల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. డబ్బుకు బదులు వస్తువు రూపంలో ఇచ్చింది మొత్తం జీతంలో నూటికి 15 వంతు వరకే జీతం కింద లెక్కకి వస్తుందని అందులో ఉంది. ఎంత మంచి భోజనం పెట్టినా అంతకు మించి కలపడానికి లేదు.

దీన్ని ఆ 16,000 మీద పెట్టి చూడండి. 16,000లో నూటికి 15 అంటే 2,400. మీ జీతం పదహారు వేలు అని చెప్పే మనిషి తిండి కింద చూపించగలిగేది 2,400 మాత్రమే. మిగతా 13,600 చేతికి రావాలి. వస్తున్నది 9,000. ఆ అక్క వెతికిన ఏడువేలలో 4,600 ఎక్కడున్నాయంటే, ఎక్కడా లేవు, కాగితం మీదే ఉన్నాయి.

కనీస వేతనం రేటు కూడా తెలుసుకోండి. మన రాష్ట్రంలో కరువు భత్యం ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న మారుతుంది. అందుకే పోయిన ఏడాది కాగితం చూసి మోసపోవద్దు. కార్మిక శాఖ ఆఫీసులో ఇప్పటి రేటు అడిగి తెచ్చుకోవాలి.

మన సంఘాల వరకు వస్తే, తిన్న అన్నం పొదుపు పుస్తకంలో పడదు. బ్యాంకు వాయిదా భోజనంతో కట్టలేం. చేతికి 9,000 వచ్చే మనిషికి 16,000 జీతగత్తె అని రాసుకుని అప్పు ఇస్తే, మూడో నెలలో వాయిదా ఆగుతుంది, సంఘం అంతా ఆ బరువు మోయాలి. అందుకే మా సంఘంలో అప్పు దరఖాస్తులో చేతికొచ్చే డబ్బు ఒక గడిలో, తిండి వేరే గడిలో రాస్తున్నాం. వాయిదా మొదటి గడి చూసే వేస్తాం.

ఇంకో సంగతి, మనలో కొందరు కర్రీ పాయింట్లు, చిన్న మెస్సులు నడుపుతున్నారు. సాయానికి ఇద్దరు ముగ్గురిని పెట్టుకున్నారు. మనం కూడా వాళ్లకి తిండి పెడుతున్నాం గదా. యజమానిని అడిగే లెక్క మన దగ్గర కూడా ఉండాలి. ప్లేటు 80కి అమ్ముతున్నాం కాబట్టి పూటకి 80 అని వాళ్ల జీతంలో కోయకూడదు. సరుకు ఎంత పడిందో అంతే వేయాలి, అదీ వాళ్లు ముందు ఒప్పుకుంటేనే.

పనిలో చేరేటప్పుడు ఒక కాగితం రాయించుకోండి. పెద్ద బాండు పేపరు అక్కర్లేదు. చేతికి ఎంత, ఏ తారీకున. రోజుకి ఎన్ని పూటలు తిండి, పెట్టని రోజున ఎంత డబ్బు. పని గంటలు ఎప్పటి నుంచి ఎప్పటి వరకు. ఇంకొకటి, పని మాన్పిస్తే పడక ఖాళీ చేయడానికి ఎన్ని రోజులు. ఈ చివరిది చాలామంది అడగరు. అక్కడే ఉండే మనిషికి పని పోయిన సాయంత్రమే నీడ కూడా పోతుంది. ఆ భయంతోనే చాలామంది జీతం పెంచమని నోరు తెరవరు. ఆ కాగితంలో కనీసం పదిహేను రోజులు రాయించుకుంటే మాట్లాడే ధైర్యం వస్తుంది.

రాయనంటే మీరే ఒక నోటుపుస్తకంలో రోజూ రాసుకోండి. వచ్చిన టైము, వెళ్లిన టైము, తిన్న పూటలు. వేతనాల కోడ్ ప్రకారం తక్కువ ఇచ్చిన జీతం కోసం మూడేళ్లలోపు అడగొచ్చు. అడిగే రోజున ఆ పుస్తకమే మీ తరఫున మాట్లాడుతుంది.

మా అక్క ఆ లెక్క కాగితం తీసుకెళ్లి యజమాని ముందు పెట్టింది. ఇప్పటికి చేతికి 10,500 అయింది, మధ్యాహ్నం సాయానికి ఇంకో మనిషిని పెట్టారు. రావాల్సింది ఇంకా ఉంది. వచ్చే నెల మీటింగులో ఆమె గంటల పుస్తకం మళ్లీ చూస్తాం. మీ సంఘాల్లో తిండీ పడకా మీద పనిచేసేవాళ్లు ఉంటే వాళ్ల లెక్కలు కూడా తీసుకురండి, కలిసి వేద్దాం.